విశ్లేషణాత్మక సత్యాలు, సంశ్లేషణాత్మక సత్యాలు: ఒక విద్యార్థి సందేహాలకు జవాబులు

ప్రియమైన విద్యార్థీ,

నీ ఉత్తరం, దానితోపాటు పంపిన వ్యాసం రెండూ చదివాను. కాంట్ దగ్గర అర్థమైనట్టే అనిపించిందనీ, ఆ తేడానే ప్రశ్నించిన క్వైన్ దగ్గరికి వచ్చేసరికి అంతకుముందు అర్థమైంది కూడా చెదిరిపోయిందనీ రాశావు. ఈ పాఠం దగ్గర చాలామంది తరచుగా అడిగే ప్రశ్నలే నువ్వూ అడిగావు. అందుకని వాటిని నీ మాటల్లోనే ఉంచి, ఒక్కోదాని కింద జవాబు రాస్తున్నాను. నాలుగో ప్రశ్న, ఆరో ప్రశ్న నిదానంగా చదువు. అసలు వాదమంతా అక్కడే ఉంది.

1. అసలు ఈ రెండు రకాల సత్యాలకూ తేడా ఏమిటి?

రెండు వాక్యాలు పక్కపక్కన పెట్టుకుని చూడు. "మేనమామలందరూ మగవాళ్లే." "మేనమామలందరికీ మేనల్లుళ్లంటే ఇష్టం." మొదటిది నిజమో కాదో తేల్చడానికి ఏ మేనమామనూ కలవక్కర్లేదు. ఆ మాట అర్థం తెలిస్తే చాలు. రెండోది తేల్చాలంటే మనుషుల దగ్గరికి వెళ్లి కనుక్కోవాలి. మొదటి రకాన్ని విశ్లేషణాత్మకం అనీ, రెండో రకాన్ని సంశ్లేషణాత్మకం అనీ అంటాం.

ఈ పేర్లను స్థిరపరిచినవాడు కాంట్, 1781లో. అతని ప్రకారం విశ్లేషణాత్మక వాక్యంలో విధేయం చెప్పే భావన ఉద్దేశ్యం చెప్పే భావనలో ముందే ఇమిడి ఉంటుంది. "వస్తువులన్నీ చోటును ఆక్రమిస్తాయి" అన్నది అతని ఉదాహరణ. వస్తువు అన్న భావనను విప్పి చూస్తే అందులోనే చోటు ఆక్రమించడం కనిపిస్తుంది. "వస్తువులన్నీ బరువైనవి" అన్నప్పుడు మాత్రం ఆ భావనలో లేనిదాన్ని కొత్తగా తెచ్చి చేరుస్తున్నాం.

ఇక్కడ రెండు చిక్కులున్నాయి. "ఇమిడి ఉండటం" అంటే ఏమిటో కాంట్ స్పష్టంగా చెప్పలేదు. పైగా ఉద్దేశ్యం, విధేయం ఉన్న వాక్యాలకే ఈ కొలత పనికొస్తుంది. "వాన పడుతోంది, లేదా పడటం లేదు" లాంటి వాక్యంలో ఏది దేనిలో ఇమిడి ఉంది? 1884లో ఫ్రేగె దీన్ని సరిచేశాడు. ఒక వాక్యాన్ని తర్క నియమాలు, నిర్వచనాలు మాత్రమే వాడి రుజువు చేయగలిగితే అది విశ్లేషణాత్మకం. చాలా శుభ్రమైన సూత్రీకరణ ఇది. కానీ దీంతో బరువంతా నిర్వచనాల మీదికి మారింది. ఆ మార్పును గుర్తుపెట్టుకో. తరువాత వచ్చే సందేహాలన్నీ పట్టుకునేది అక్కడే.

2. అనుభవ నిరపేక్షం, అనివార్యం, విశ్లేషణాత్మకం: మూడూ ఒకటే కదా?

కాదు. మూడూ మూడు వేర్వేరు ప్రశ్నలకు జవాబులు. దీన్ని మనం ఎలా తెలుసుకుంటాం, అనుభవం కావాలా అక్కర్లేదా? అది మొదటి ప్రశ్న. ఇది మరోలా ఉండగలిగేదా? అది రెండోది. ఇది దేనివల్ల నిజం, మాటల అర్థం వల్లనేనా? అది మూడోది. మూడింటికీ జవాబులు ఎప్పుడూ కలిసే వస్తాయని అనుకోవడానికి వాదం కావాలి. ఆ వాదం ఇవ్వకుండానే నీ వ్యాసంలో "అనివార్యం, అంటే విశ్లేషణాత్మకం" అని రాశావు. ఆ వాక్యం కొట్టెయ్.

కాంట్ వీటిని విడదీశాడు. 7 + 5 = 12 అన్నది అనుభవ నిరపేక్షమే అయినా సంశ్లేషణాత్మకమని అతని వాదన. వియన్నా వర్గం తత్త్వవేత్తలు దీన్ని ఒప్పుకోలేదు. అనుభవం లేకుండా తెలిసేదంతా భాష నియమాల నుంచే వస్తుందని వాళ్లు పట్టుబట్టారు. ఇంగ్లిష్ పాఠకులకు ఆ మాటను గట్టిగా వినిపించినవాడు ఎయర్, 1936లో. వాళ్ల పట్టుదలకు కారణముంది. జ్ఞానమంతా అనుభవం నుంచే వస్తుందంటే గణితం సంగతేమిటి? "గణితం ప్రపంచం గురించి ఏమీ చెప్పదు, మన మాటల వాడుకను బయటపెడుతుందంతే" అన్నది వాళ్ల జవాబు. విశ్లేషణాత్మకత అన్న భావన నిలబడకపోతే ఆ జవాబు కూలిపోతుంది. ఈ గీత మీద అంత పోరాటం ఎందుకు జరిగిందో ఇప్పుడు అర్థమవుతుంది.

తరువాత 1970లో క్రిప్కి తన ఉపన్యాసాల్లో రెండో ప్రశ్ననూ మొదటి ప్రశ్ననూ విడదీశాడు. నీరు H₂O అన్నది ప్రయోగం ద్వారా తెలుసుకున్నదే, అయినా అది మరోలా ఉండగలిగేది కాదని అతని వాదన. అయితే క్వైన్‌ను చదివేటప్పుడు మాత్రం ఒకటి గుర్తుంచుకో. అతను ఎవరితో వాదిస్తున్నాడో వాళ్లు అనివార్యతను విశ్లేషణాత్మకతతోనే వివరించేవాళ్లు. అతని వాదంలో ఒక ముఖ్యమైన మెట్టు దానిమీదే ఆధారపడి ఉంది.

3. "అర్థం వల్లనే నిజం" అంటే ప్రపంచానికి అందులో పాత్రే లేదా?

ఈ ప్రశ్న అడిగినందుకు సంతోషించాను. అందరూ దాటేసేది ఇదే.

ఏ వాక్యమైనా నిజం కావడానికి రెండు అంశాలు కలవాలి. మాటల అర్థం ఒకటి, ప్రపంచం తీరు ఒకటి. క్వైన్ ఇచ్చిన ఉదాహరణ "బ్రూటస్ సీజర్‌ను చంపాడు". చరిత్ర మరోలా జరిగి ఉంటే ఇది అబద్ధమయ్యేది. "చంపాడు" అన్న మాటకు "కన్నాడు" అన్న అర్థం ఉండి ఉన్నా అబద్ధమయ్యేది. ఇది చూసిన మనకు ఒక ఆలోచన సహజంగా తడుతుంది. ప్రతి వాక్యం నిజంలోనూ భాష వంతు ఇంత, ప్రపంచం వంతు ఇంత అని పంచవచ్చు కదా, కొన్ని వాక్యాల్లో ప్రపంచం వంతు సున్నా అయి ఉండవచ్చు కదా, ఆ సున్నా వాక్యాలే విశ్లేషణాత్మకాలు కదా అని.

క్వైన్ ఆపేది ఇక్కడే. భాషను మొత్తంగా, జ్ఞానాన్ని మొత్తంగా తీసుకుంటే రెండు అంశాలూ ఉన్నాయన్నది నిజమే. అంతమాత్రాన ఒక్కో వాక్యానికి విడివిడిగా ఆ వాటాలు పంచవచ్చని తేలదు. అలా పంచవచ్చన్న నమ్మకానికి ఆధారం ఏదని అతను అడుగుతున్నాడు. గీతకు అటువైపు ఏ వాక్యాలున్నాయన్నది అతని ప్రశ్న కాదు. గీత గీయడానికి కావలసిన కొలబద్ద మన దగ్గర ఉందా అన్నదే ప్రశ్న.

4. క్వైన్ వాదంలో చక్రం ఎక్కడ ఉంది? ఎన్నిసార్లు చదివినా జారిపోతోంది.

క్వైన్ వ్యాసం 1951లో అచ్చయింది, "అనుభవవాదపు రెండు పిడివాదాలు" అన్న అర్థం వచ్చే పేరుతో. దాని వాదాన్ని మన మేనమామ వాక్యంతోనే మెట్టుమెట్టుగా నడిపిస్తాను.

మొదట రెండు వాక్యాలు విడదీయాలి. "తల్లి సోదరుడు తల్లికి సోదరుడే." ఇది తర్కం వల్లనే నిజం. "తల్లి", "సోదరుడు" అన్న మాటల చోట ఏ మాటలు పెట్టినా వాక్యం ఆకారం దాన్ని నిజంగానే ఉంచుతుంది. ఈ రకంతో క్వైన్‌కు ఇక్కడ పేచీ లేదు. ఇక రెండోది: "మేనమామ తల్లికి సోదరుడే." దీని ఆకారం ఒక్కటే దీన్ని నిజం చేయదు. "మేనమామ" తీసేసి "తల్లి సోదరుడు" పెడితే అది మొదటి వాక్యంగా మారుతుంది. అలా పెట్టడానికి అనుమతి ఎక్కడిది? ఆ రెండూ పర్యాయాలు కాబట్టి అంటాం. అయితే పర్యాయత అంటే ఏమిటో చెప్పాలి.

మొదటి ప్రయత్నం: నిర్వచనం వల్ల పర్యాయాలయ్యాయి అంటాం. ఆ నిర్వచనం ఎవరు ఇచ్చారు? నిఘంటుకారుడు. అతను దాన్ని పుట్టించలేదు, జనం వాడుకలో ముందే ఉన్న సమానార్థకతను గమనించి నమోదు చేశాడు. కాబట్టి నిర్వచనం పర్యాయతను వివరించడం లేదు, దాని మీదే ఆధారపడుతోంది. నిజానికి నిఘంటుకారుడి పని కూడా అంత తేలిక కాదు. చాలామంది తల్లి పెదనాన్న కొడుకునూ మేనమామ అనే పిలుస్తారు. అది మాట అర్థంలో భాగమా, ఆ అర్థాన్ని చాచిన వాడుకా? ఎక్కడ గీత గీయాలో వాడుక తనంతట తాను చెప్పదు.

రెండో ప్రయత్నం: ఒకదాని బదులు మరొకటి ఎక్కడ పెట్టినా వాక్యపు సత్యాసత్యాలు మారకపోతే అవి పర్యాయాలు. "'మేనమామ'లో నాలుగు అక్షరాలున్నాయి" లాంటి వాక్యాల్ని పక్కన పెట్టు, అక్కడ మాట్లాడేది మాట గురించే. మిగతాచోట్ల ఈ పరీక్ష చాలా? చాలదు. గుండె ఉన్న జీవులన్నిటికీ మూత్రపిండాలున్నాయనీ, మూత్రపిండాలున్న జీవులన్నిటికీ గుండె ఉందనీ అనుకుందాం. అప్పుడు "గుండె ఉన్న జీవి" అన్నచోటల్లా "మూత్రపిండాలున్న జీవి" అని పెట్టినా మామూలు వాక్యాల సత్యం చెదరదు. అయినా ఆ రెండిటి అర్థం ఒకటని ఎవరూ అనరు. రెండూ ఒకే జీవుల్ని సూచించడం కేవలం ప్రపంచం తీరు.

మూడో ప్రయత్నం: అయితే భాషలోకి "అనివార్యంగా" అన్న మాటను తెచ్చుకుందాం. "అనివార్యంగా, గుండె ఉన్న జీవులన్నీ గుండె ఉన్న జీవులే" నిజం. "అనివార్యంగా, గుండె ఉన్న జీవులన్నీ మూత్రపిండాలున్న జీవులే" అబద్ధం. ఇప్పుడు పరీక్ష పనిచేసింది, నకిలీ పర్యాయాన్ని పట్టుకుంది. కానీ ఏ వాక్యం ముందు "అనివార్యంగా" అని పెట్టవచ్చు? ఆనాటి జవాబు: విశ్లేషణాత్మక వాక్యాల ముందు మాత్రమే. అంటే విశ్లేషణాత్మకతకు పర్యాయత కావాలి, పర్యాయతకు అనివార్యత కావాలి, అనివార్యతకు విశ్లేషణాత్మకత కావాలి. నీకు జారిపోతున్న చక్రం ఇదే.

ఇంకో దారి వియన్నా వర్గానికే చెందిన కార్నాప్‌ది. సహజ భాషలో అస్పష్టత ఉంది కాబట్టి గొడవ అనీ, మనమే ఒక కృత్రిమ భాష తయారు చేసుకుని ఏ వాక్యాలు విశ్లేషణాత్మకాలో నియమాల్లో రాసుకోవచ్చనీ. రాసుకోవచ్చు. ఆ నియమాలు ఒక జాబితా ఇస్తాయి, ఈ వాక్యాలు ఈ భాషలో విశ్లేషణాత్మకాలు అని. కానీ ఆ జాబితాలో ఉన్నవాటికి ఏ గుణం అంటగడుతున్నామో ఆ నియమాలు చెప్పవు. జాబితాకు "విశ్లేషణాత్మకం" బదులు మరో గుర్తు పెట్టినా నియమాలు అలాగే ఉంటాయి.

5. చక్రం ఉంటే తప్పేమిటి? ఏ మౌలిక భావనను వివరించబోయినా చుట్టూ తిరగాల్సిందే కదా?

ఇది బలమైన ఆక్షేపణ. 1956లో గ్రైస్, స్ట్రాసన్ కలిసి రాసిన జవాబులో ఒక భాగం ఇదే. ఒక భావనను దాని కుటుంబంలో లేని మాటలతో నిర్వచించలేనంత మాత్రాన ఆ భావన ఖాళీ అయిపోదు. అలా చూస్తే చాలా భావనలు ఖాళీయే అవుతాయి.

వాళ్లు ఇంకో పని చేశారు. చక్రం బయటి నుంచి తేడాను చూపించారు. ఎవరో "మా పొరుగింటి మూడేళ్ల పాపకు రసెల్ తర్కసిద్ధాంతం అర్థమైంది" అన్నారనుకో. నువ్వు నమ్మవు. అయినా అతను చెప్పింది ఏమిటో నీకు తెలుసు, పాపను తెచ్చి చూపిస్తే నీ మాట వెనక్కి తీసుకుంటావు కూడా. మరొకరు "మా పొరుగింటి మూడేళ్ల పాప వయోజనురాలు" అన్నారనుకో. ఇక్కడ నువ్వు నమ్మకపోవడం కాదు, అతను ఏమంటున్నాడో నీకు అర్థం కాదు. ఏ మాటను ఏ అర్థంలో వాడుతున్నావని అడుగుతావు. మొదటిచోట అపనమ్మకం, రెండోచోట అయోమయం. ఈ తేడాను మనం ముందెప్పుడూ వినని వాక్యాల విషయంలో కూడా గుర్తుపడతాం, చాలావరకు అందరం ఒకేలా గుర్తుపడతాం. లేని గీత దగ్గర ఇంత ఏకాభిప్రాయం ఎలా వస్తుంది?

నా దృష్టిలో ఈ జవాబు క్వైన్ చక్రవాదాన్ని చాలా బలహీనపరిచింది. చక్రాన్ని చూపించి "కాబట్టి తేడా లేదు" అని ముగించే వ్యాసానికి నేను మంచి మార్కులు వేయను. కానీ గ్రైస్, స్ట్రాసన్ చూపించిన ఏకాభిప్రాయం దేనికి సాక్ష్యం అన్న ప్రశ్న మిగిలే ఉంటుంది. అయోమయం కలగడానికి కారణం అర్థమే కానక్కర్లేదు. మన నమ్మకాల్లో మరీ లోతుగా పాతుకున్నదాన్ని ఎవరైనా కాదన్నా అలాగే నోట మాట రాదు. "నిన్నటికి ముందు ప్రపంచమే లేదు" అన్నా నువ్వు ఏమంటున్నావని అడుగుతావు. అది మాత్రం అర్థం వల్ల అబద్ధమైన వాక్యం కాదు.

6. మనమే నిర్వచించుకున్న మాటల సంగతేమిటి? అక్కడైనా సందేహం ఉండకూడదు కదా?

కొత్త గుర్తును సంక్షిప్త రూపంగా ప్రవేశపెట్టినప్పుడు పర్యాయత అక్కడికక్కడే పుడుతుందని క్వైన్ కూడా ఒప్పుకున్నాడు. అలా పుట్టిన హోదా ఎంతకాలం నిలుస్తుందన్నదే చూడాలి. దీనికి నేను ఎప్పుడూ చెప్పే ఉదాహరణ మీటరు.

1889లో మీటరును ఒక లోహపు కడ్డీతో నిర్వచించారు. ప్లాటినం, ఇరిడియం కలిపి పోసిన ఆ కడ్డీ మీద రెండు గీతలున్నాయి. మంచు కరిగే ఉష్ణోగ్రత దగ్గర ఆ గీతల మధ్య దూరమే మీటరు. కాబట్టి "ఆ కడ్డీ గీతల మధ్య దూరం ఒక మీటరు" అన్న వాక్యాన్ని అప్పట్లో కొలిచి తప్పని తేల్చే వీలు లేదు. అది నిర్వచనం. "కాంతి వేగం సెకనుకు ఇన్ని మీటర్లు" అన్నది మాత్రం కొలిచి తెలుసుకోవాల్సిన సంగతి.

1960లో కడ్డీని పక్కన పెట్టి, క్రిప్టాన్-86 పరమాణువు వెలువరించే ఒక నారింజ-ఎరుపు కాంతి తరంగదైర్ఘ్యానికి 16,50,763.73 రెట్లు మీటరు అన్నారు. ఆ రోజు నుంచి కడ్డీ వాక్యం నిర్వచనం కాకుండా పోయింది. కడ్డీ సరిగ్గా మీటరుందా లేదా అన్నది ఇప్పుడు కొలిచి చెప్పాల్సిన మాట. కాంతి వేగం ఇంకా కొలతే. 1972లో లేజర్లతో చేసిన కొలత సెకనుకు 29,97,92,456.2 మీటర్లు అని తేల్చింది, అటూ ఇటూ 1.1 మీటరు అనిశ్చితితో.

1983లో మళ్లీ మార్చారు. శూన్యంలో కాంతి సెకనులో 29,97,92,458వ వంతు కాలంలో ప్రయాణించే దూరమే మీటరు అన్నారు. దాంతో "కాంతి వేగం సెకనుకు 29,97,92,458 మీటర్లు" అన్న వాక్యం కొలత జాబితాలోంచి నిర్వచనాల జాబితాలోకి వచ్చి చేరింది. ఈ రోజు ఒక ప్రయోగశాలలో ఎవరైనా కాంతి వేగం కొలిచి చివర 458 బదులు 470 వచ్చిందంటే, కాంతి గురించి కొత్త సంగతి కనుక్కున్నారని ఎవరూ అనరు. వాళ్ల మీటరు కొలత తప్పిందని అంటారు. అదే ఫలితం 1982లో వచ్చి ఉంటే, పరికరాలు సరిగ్గా ఉన్నాయని తేలితే, కాంతి వేగపు అంకెనే మార్చుకునేవాళ్లు.

ఇప్పుడు ఆలోచించు. ఒక వాక్యం నిర్వచనంగా మొదలై కొలతగా మారింది. మరొకటి కొలతగా మొదలై నిర్వచనంగా మారింది. నిర్వచనం అన్న హోదా ఒక నిర్ణయం జరిగిన సందర్భానికి చెందినది. వాక్యానికి శాశ్వతంగా అంటుకున్న గుణం కాదు. క్వైన్ తన తరువాతి రచనల్లో చెప్పింది సరిగ్గా ఇదే. శాస్త్రం ముందుకు జరుగుతున్న అంచు దగ్గర, ఎవరో ఒక వాక్యాన్ని నిర్వచనంగా ప్రవేశపెట్టినప్పుడు, "ఇది మన ఒప్పందం" అనడంలో అర్థం ఉంది. ఆ అంచు దాటి వెనక మిగిలిన వాక్యాల్ని ఒప్పందాలు, వాస్తవాలు అని రెండు కుప్పలుగా పోయలేం.

నువ్వు ఆక్షేపించవచ్చు: మీటరు అన్న మాట అర్థమే రెండుసార్లు మారింది, కాబట్టి అవి వేర్వేరు వాక్యాలు కదా అని. ఆ జవాబు పూర్తిగా తప్పు కాదు. కానీ అర్థం మారిందనడానికీ, అదే విషయం గురించి అభిప్రాయం మారిందనడానికీ తేడాను ఎలా పట్టుకుంటావు? పట్నమ్ 1962లో గతిశక్తి ఉదాహరణతో దీన్నే అడిగాడు. ఐన్‌స్టీన్‌కు ముందు "గతిశక్తి ½mv²" అన్నది నిర్వచనమేనని ఎవరైనా చెప్పేవారు. సాపేక్షతా సిద్ధాంతం ఆ సూత్రాన్ని మార్చింది. వస్తువు కాంతి వేగంలో 0.6 వంతు వేగంతో పోతుంటే పాత సూత్రం 0.18 mc² ఇస్తుంది, కొత్తది 0.25 mc² ఇస్తుంది. చిన్న తేడా కాదు. అయినా భౌతికశాస్త్రవేత్తలు "ఇకనుంచి గతిశక్తి అన్న మాటకు వేరే అర్థం పెట్టుకుందాం" అనలేదు. గతిశక్తి గురించి ఇంతకాలం అనుకున్నది దాదాపుగానే సరి, కచ్చితంగా సరి కాదు అన్నారు. ఆ భావన ఒక్క సూత్రం మీద కాకుండా చాలా నియమాల మీద ఆధారపడి ఉంది కాబట్టి, ఒక నియమం పోయినా భావన నిలిచింది. ఆ ఒక్క సూత్రాన్ని "అర్థం" అని వేరు చేయడం ఆ శాస్త్రం ఎలా పనిచేస్తుందో పట్టించుకోకపోవడమే.

7. అయితే తర్క నియమాల్ని కూడా సవరించవచ్చా?

వీలుందని 1951 వ్యాసం అంటుంది. మన నమ్మకాలు ఒక్కొక్కటిగా కాక, గుంపుగా అనుభవాన్ని ఎదుర్కొంటాయి. ప్రయోగం ఎదురుతిరిగితే ఏ నమ్మకాన్ని వదులుకోవాలో ప్రయోగం చెప్పదు. అనుభవం నేరుగా తగిలే అంచు దగ్గర ఉన్నవాటిని ముందు మారుస్తాం, మధ్యలో ఉన్నవాటిని ఆఖరికి మారుస్తాం, ఎందుకంటే మధ్యలోది కదిలిస్తే మిగతా చాలా కదులుతాయి. 1936లో బిర్కాఫ్, ఫాన్ నాయ్‌మన్ క్వాంటమ్ యాంత్రికశాస్త్రం కోసం ఒక తర్క నియమాన్నే సడలించే ప్రతిపాదన చేశారు కూడా.

క్వైన్ 1970లో రాసిన తర్కశాస్త్ర గ్రంథంలో మాత్రం స్వరం మారింది. ఒక మాటా, దాన్ని కాదనే మాటా రెండూ నిజం కాలేవన్న వ్యాఘాత నియమాన్ని కాదనేవాడు సిద్ధాంతాన్ని మార్చడం లేదనీ, విషయాన్నే మారుస్తున్నాడనీ అక్కడ అతను అన్నాడు. ఈ రెండు మాటలూ ఎలా పొసగుతాయన్నది ఇంకా వాదన నడుస్తున్న విషయం. నువ్వు వ్యాసంలో దీన్ని ఒక్క వాక్యంలో తేల్చేయాలని చూడకు.

8. నా వ్యాసంలో మీరు ఎర్ర గీతలు పెట్టిన మూడు వాక్యాల్లో తప్పేమిటి?

మొదటిది: "విశ్లేషణాత్మక సత్యాలు లేవని క్వైన్ రుజువు చేశాడు." అతను రుజువు చేసింది అది కాదు. తన ముందు పెట్టిన వివరణలు ఏవీ కొలబద్దను ఇవ్వలేదని చూపించాడు. ఇప్పటిదాకా ఎవరూ ఇవ్వలేదనడానికీ, ఎవరూ ఇవ్వలేరనడానికీ మధ్య దూరం ఉంది. పైగా 1974 నాటికి అతనే ఒక మెత్తని నిర్వచనం ఇచ్చాడు. ఏ వాక్యంలోని మాటలు నేర్చుకోవడంలోనే అందరూ ఆ వాక్యం నిజమని నేర్చుకుంటారో అది విశ్లేషణాత్మకం. అలా చూస్తే మేనమామ వాక్యం గీతకు ఇటువైపే పడుతుంది.

రెండోది: "ఏ వాక్యాన్నైనా సవరించవచ్చు కాబట్టి అన్ని వాక్యాలూ సంశ్లేషణాత్మకాలే." గీత లేదంటే అటూ ఇటూ రెండు వైపులూ పోతాయి. ఒక వైపు పోయి మరో వైపు మిగలదు. సంశ్లేషణాత్మకం అన్న మాటకు అర్థం ఉండాలంటే దాని జంట మాటకూ ఉండాలి.

మూడోది: "మాటల అర్థాలు కాలంతో మారతాయి కాబట్టి విశ్లేషణాత్మక సత్యాలు శాశ్వతం కావు." ఇది క్వైన్ వాదమని రాశావు, కాదు. మాట అర్థం మారితే పాత వాక్యం అబద్ధం కాదు, అదే అక్షరాలతో వేరే వాక్యం పుడుతుందంతే. దీన్ని కాంట్ కూడా ఒప్పుకునేవాడు. క్వైన్ అడిగేది అంతకంటే కష్టమైన ప్రశ్న. ఒక మార్పు అర్థంలో వచ్చిందా, నమ్మకంలో వచ్చిందా అని తేల్చే పద్ధతి ఏదని. నువ్వు ఈ వాక్యం రాసినప్పుడు ఆ పద్ధతి నీ చేతిలో ఉందని ముందే అనుకున్నావు.

9. చివరికి మీరు ఏ వైపు?

తేడా ఉందని నా అభిప్రాయం, కానీ దాని మీద వియన్నా వర్గం మోపిన బరువును అది మోయలేదు. "మేనమామ తల్లికి సోదరుడే" లాంటి, ఒకే కొలతతో నడిచే మాటలున్న వాక్యాల దగ్గర గీత బాగానే కనిపిస్తుంది. మేనమామను గుర్తుపట్టడానికి బంధుత్వం తప్ప వేరే నియమం ఏదీ లేదు, కాబట్టి ఆ నియమాన్ని వదిలేస్తే మాట చేతిలో ఏమీ మిగలదు. గతిశక్తి, పరమాణువు, సరళరేఖ లాంటి మాటల దగ్గర గీత చెదిరిపోతుంది. దురదృష్టవశాత్తూ తత్త్వశాస్త్రానికి కావలసింది ఈ రెండో రకం మాటలే. గణితమూ భౌతికశాస్త్రపు మూల సూత్రాలూ ఎందుకు నిజమో మేనమామ వాక్యాన్ని చూపి వివరించలేం.

ఈ తీర్పు చాలావరకు పట్నమ్ దగ్గర నేర్చుకున్నదే. నువ్వు దీన్ని ఒప్పుకోనక్కర్లేదు. ఒప్పుకోకపోతే మాత్రం మీటరు ఉదాహరణకు నీ జవాబు ఏమిటో రాయి.

10. "ఒక వస్తువు ఒకేసారి ఒకేచోట పూర్తిగా ఎరుపూ, పూర్తిగా ఆకుపచ్చా కాలేదు" అన్నది ఏ రకం?

వచ్చే వారానికి నువ్వు రాయాల్సింది దీని మీదే. అనుభవం లేకుండానే తెలుస్తున్నట్టుంది. ఫ్రేగె కొలతతో చూస్తే ఇబ్బంది: "ఎరుపు" అన్న మాటకు "ఆకుపచ్చ కానిది" అన్నది నిర్వచనంలో భాగమా? అలా పెడితే నీలం, పసుపు, మిగతా ప్రతి రంగూ అందులో చేర్చాలి, ప్రతి రంగు నిర్వచనంలోకీ మిగతా రంగులన్నీ రావాలి. ఎరుపును మాత్రమే చూసి నేర్చుకున్న బిడ్డకు ఎరుపు అర్థం తెలియదని అనాల్సి వస్తుంది. నిర్వచనంలో లేదంటే వ్యాఘాతం లేకుండా కాదనవచ్చు, అప్పుడు అది సంశ్లేషణాత్మకం. అయితే అనుభవం లేకుండా ఎలా తెలిసింది?

క్వైన్ తన వ్యాసంలో "ఆకుపచ్చగా ఉన్నదంతా చోటును ఆక్రమిస్తుంది" అన్న వాక్యాన్ని తీసుకుని అది విశ్లేషణాత్మకమో కాదో తనకు తెలియదన్నాడు. ఆ తడబాటుకు కారణం "ఆకుపచ్చ", "చోటు ఆక్రమించడం" అన్న మాటల అర్థాలు తెలియకపోవడం కాదనీ, "విశ్లేషణాత్మకం" అన్న మాటలోనే లోపం ఉందనీ అతని మాట. నీ వాక్యం విషయంలో కూడా అంతేనా, లేక రంగుల విషయంలో మనకు వేరే కొలత ఏదైనా ఉందా? రెండు పేజీలు మించకుండా రాయి. ముందుగా వాక్యాన్ని కాదని చూసి, వ్యాఘాతం సరిగ్గా ఏ మెట్టు దగ్గర పుడుతుందో, లేదా ఎందుకు పుట్టదో చూపించు. కాంట్, ఎయర్ ఏమనేవాళ్లో ఆ తరువాత చేర్చు.

ఇట్లు,
మీ ఉపాధ్యాయుడు